పది రోజుల డబ్బు, మూడు నెలల డబ్బు: పొదుపు ఖాతాలోనా, లిక్విడ్ ఫండ్‌లోనా?

ప్రశ్న: మాది హైదరాబాద్. చీటీ డబ్బు, ఇన్నేళ్లుగా దాచుకున్నది కలిపి నా పొదుపు ఖాతాలో 20 లక్షల రూపాయలు ఉన్నాయి. కొంపల్లి దగ్గర కొంటున్న ఫ్లాటుకు పది రోజుల్లో 5 లక్షలు, మూడు నెలల తర్వాత 9 లక్షలు కట్టాలి. మిగిలిన 6 లక్షలు రిజిస్ట్రేషన్ నాటికి కావాలి కానీ ఆ తేదీ ఇంకా తేలలేదు. ఉద్యోగిని, 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నాను. రెండున్నర శాతం వడ్డీకి ఖాతాలో ఉంచే బదులు లిక్విడ్ ఫండ్‌లోనో ఓవర్‌నైట్ ఫండ్‌లోనో పెట్టమని ఆఫీసులో మిత్రులు చెబుతున్నారు. పెట్టవచ్చా? అవసరమైన రోజున డబ్బు చేతికి వస్తుందా?

సమాధానం: పది రోజుల్లో కట్టాల్సిన 5 లక్షలను కదపకండి. మూడు నెలల తర్వాత కట్టాల్సిన 9 లక్షలను లిక్విడ్ ఫండ్‌లో పెట్టవచ్చు. రిజిస్ట్రేషన్ డబ్బు సంగతి కొంచెం వేరు, దానికి చివర వస్తాను. ఒకే డబ్బుకు మూడు రకాల సలహా ఎందుకంటే, ఇక్కడ మీకు దక్కేది శాతాలను బట్టి కాక, డబ్బు అక్కడ ఎన్ని రోజులుంటుంది, ఏ రోజు బయటికి రావాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా ఈ రెండు ఫండ్లు డబ్బుతో ఏం చేస్తాయో తెలుసుకోవడం మంచిది. ఓవర్‌నైట్ ఫండ్ ఒక్క రోజులో గడువు తీరే వాటిలోనే పెట్టుబడి పెట్టాలన్నది సెబీ నియమం. ఆచరణలో ఆ డబ్బులో ఎక్కువ భాగం ట్రెప్స్ అనే విపణిలో ఒక రాత్రికి అప్పుగా వెళ్తుంది. అప్పు తీసుకునే బ్యాంకో సంస్థో ప్రభుత్వ బాండ్లను హామీగా ఉంచుతుంది, లావాదేవీని క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మధ్యలో నిలబడి పూర్తిచేయిస్తుంది, మర్నాడు అసలూ వడ్డీ తిరిగి వస్తాయి. అప్పు ఎగవేత భయం ఇందులో దాదాపు లేనట్టే. లిక్విడ్ ఫండ్ 91 రోజుల్లోపు గడువు తీరే పత్రాలను కొనవచ్చు. ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు, బ్యాంకులు జారీచేసే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లు, కంపెనీలు జారీచేసే కమర్షియల్ పేపర్లు అందులో ఉంటాయి. ఓవర్‌నైట్ ఫండ్ కంటే లిక్విడ్ ఫండ్ సాధారణంగా కొంచెం ఎక్కువ ఇవ్వడానికి కారణం ఈ బ్యాంకు, కంపెనీ పత్రాలే. అప్పుడప్పుడు ఇబ్బంది వచ్చిందంటే దానికి కారణమూ అవే.

ఇక మీ 9 లక్షల లెక్క చూద్దాం. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి పొదుపు ఖాతాపై 2.50 శాతం ఇస్తోంది, మీరు చెప్పిన రేటు కూడా అదే. ఫండ్లలో రేటు ముందే ఖరారై ఉండదు కనుక, ఖర్చులు పోగా లిక్విడ్ ఫండ్ ఏడాదికి 6 శాతం, ఓవర్‌నైట్ ఫండ్ 5.25 శాతం ఇస్తాయని లెక్క కోసం అనుకుందాం. 9 లక్షలకు 90 రోజులలో లిక్విడ్ ఫండ్‌లో వచ్చేది సుమారు 13,315 రూపాయలు. యూనిట్లు కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ కింద 0.005 శాతం, అంటే 45 రూపాయలు పోతాయి. సెస్సుతో కలిపి 20.8 శాతం పన్ను సుమారు 2,770. చివరికి మీ చేతిలో మిగిలేది దాదాపు 10,500. అదే డబ్బు పొదుపు ఖాతాలో ఉంటే 90 రోజుల వడ్డీ 5,548, పన్ను పోగా 4,394. తేడా సుమారు 6,100 రూపాయలు. ఇదే లెక్కలో ఓవర్‌నైట్ ఫండ్ అయితే పొదుపు ఖాతా కంటే సుమారు 4,800 ఎక్కువ మిగులుతుంది.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఈ తేడా ఇంకా తగ్గుతుంది. ఆ విధానంలో పొదుపు ఖాతా వడ్డీపై ఏడాదికి 10,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది కాబట్టి, ఇతర ఖాతాల వడ్డీతో ఆ పరిమితి నిండకపోతే 5,548 మొత్తం మీకే మిగిలి, తేడా 5,000 దగ్గరికి వస్తుంది. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. ఫండ్ లాభానికి రెండు విధానాల్లోనూ మినహాయింపు లేదు. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న ఇలాంటి ఫండ్ల లాభం, ఎన్నాళ్లు ఉంచినా, మీ శ్లాబు ప్రకారమే పన్నుకు వస్తుంది. మూడేళ్లు ఉంచితే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే అది పాత మాట.

పన్నుకు సంబంధించి ఉద్యోగులు తరచుగా గమనించని విషయం మరొకటి ఉంది. పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే ఉన్న జీతగాడు సాధారణంగా ఐటీఆర్-1 దాఖలు చేస్తాడు. లిక్విడ్ ఫండ్ యూనిట్లు అమ్మిన ఏడాది అతనికి స్వల్పకాలిక మూలధన లాభం వస్తుంది, అది ఎన్ని వందల రూపాయలైనా సరే, ఐటీఆర్-1లో చూపడానికి వీలుండదు, ఐటీఆర్-2 వేయాలి. మన దేశంలో నివసించేవారికి ఈ లాభంపై ఫండ్ సంస్థ టీడీఎస్ పట్టుకోదు. అందువల్ల పన్ను కట్టే బాధ్యత, రిటర్న్‌లో చూపే బాధ్యత పూర్తిగా మీదే. 6,100 రూపాయల కోసం ఈ పని చేయడం మీకు ఇష్టమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇప్పటికే షేర్లు అమ్మి ఐటీఆర్-2 వేస్తున్నవారికి ఇది అదనపు భారం కాదు.

5 లక్షలను కదపవద్దని ఎందుకన్నానో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. పది రోజులున్నా, వేసే రోజు, తీసే రోజు, చేతిలో ఉంచుకోవాల్సిన ఒకటి రెండు రోజులు పోగా డబ్బు ఫండ్‌లో ఉండేది ఏడు రోజులే అనుకోండి. ఆ ఏడు రోజుల్లో లిక్విడ్ ఫండ్ సుమారు 575 రూపాయలు, ఖాతా 240 రూపాయలు ఇస్తాయి. పన్ను, 25 రూపాయల స్టాంపు డ్యూటీ పోతే మీకు అదనంగా దక్కేది దాదాపు 240. ఏడో రోజుకు ముందే తీస్తే ఎగ్జిట్ లోడ్ అనే రుసుము కూడా ఉంటుంది. 2019 అక్టోబరు 20 నుంచి లిక్విడ్ ఫండ్లలో మొదటి రోజే తీస్తే 0.0070 శాతం, ఆ తర్వాత రోజురోజుకూ తగ్గుతూ ఆరో రోజున 0.0045 శాతం, ఏడో రోజు నుంచి ఏమీ లేదు. ఓవర్‌నైట్ ఫండ్‌కు ఆ తగ్గుతూ పోయే రుసుము వర్తించదు. అయినా స్టాంపు డ్యూటీ తప్పదు. 5 లక్షలకు ఓవర్‌నైట్ ఫండ్‌లో ఒక రోజు రాబడి 72 రూపాయలైతే, లోపలికి అడుగుపెట్టడానికే 25 పోతాయి. బిల్డరుకు చెప్పిన రోజున డబ్బు చేరకపోతే పడే చికాకుతో పోలిస్తే 240 రూపాయలు లెక్కలోకి రావు.

"అవసరమైన రోజున చేతికి వస్తుందా" అన్న మీ రెండో ప్రశ్న నా దృష్టిలో మొదటిదానికంటే ముఖ్యమైనది, అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఈ ఫండ్లలో వేసేటప్పుడు మధ్యాహ్నం 1:30 గంటలు, లిక్విడ్ ఫండ్ నుంచి తీసేటప్పుడు 3 గంటలు గీత. వేసేటప్పుడు మీరు దరఖాస్తు చేసిన సమయం ఒక్కటే చాలదు. డబ్బు కూడా ఆలోపు ఫండ్ ఖాతాకు చేరి ఉండాలి. సోమవారం 1:30 లోపు రెండూ జరిగితే ఆదివారం నాటి ఎన్ఏవీకి, అంటే యూనిట్ విలువకు, యూనిట్లు వస్తాయి కనుక సోమవారం రాబడి మీదే. ఈ ఫండ్లు సెలవు రోజులకు కూడా ఎన్ఏవీ లెక్కిస్తాయి. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు డబ్బు చేరిందనుకోండి. అప్పుడు తర్వాతి పనిదినమైన సోమవారానికి ముందురోజు, అంటే ఆదివారం ఎన్ఏవీకి యూనిట్లు ఇస్తారు. శుక్ర, శని, ఆది మూడు రోజులూ మీ డబ్బు ఖాతాలో లేదు, ఫండ్‌లో పనిచేయనూ లేదు. 9 లక్షలకు రోజుకు 148 రూపాయల చొప్పున సుమారు 444 రూపాయలు ఒక అరగంట ఆలస్యానికి పోయినట్టే. అందువల్ల సోమవారమో మంగళవారమో ఉదయమే వేయండి. కొన్ని యాప్‌ల ద్వారా కట్టిన డబ్బు మధ్యవర్తి ఖాతా మీదుగా వెళ్లి ఫండ్‌కు మర్నాడు చేరుతుంది. ఫండ్ సంస్థ సొంత వెబ్‌సైటులో మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్ ద్వారా కట్టి, యూనిట్లు ఏ తేదీ ఎన్ఏవీకి వచ్చాయో స్టేట్‌మెంటులో చూసుకుంటే ఎక్కడ ఆలస్యమైందో తెలుస్తుంది.

తీసేటప్పుడు ఇదే నియమం మీకు అనుకూలంగా కూడా పనిచేస్తుంది. శుక్రవారం 3 గంటలలోపు అమ్మితే ఆదివారం ఎన్ఏవీ వర్తిస్తుంది, శని ఆదివారాల రాబడి మీకు వస్తుంది, డబ్బు సాధారణంగా సోమవారం ఖాతాలో పడుతుంది. అయితే 3 గంటలు దాటితే మీ దరఖాస్తు సోమవారానికి వెళ్తుంది, డబ్బు మంగళవారానికి. నాకు తెలిసిన ఒక కుటుంబం సోమవారం పదకొండు గంటలకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్లాటు పెట్టుకుని, శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తీరిగ్గా యూనిట్లు అమ్మింది. సోమవారం ఉదయం ఖాతాలో డబ్బు లేదు. అమ్మేవారు మంచివారు కాబట్టి స్లాటు మార్చుకున్నారు, లేకపోతే ఒప్పందమే చెడేది. అందులో ఫండ్ తప్పేమీ లేదు, నియమం ముందే ఉంది.

సెలవుల్లో మరో చిక్కు ఉంది. ఫండ్ల పనిదినం ఎక్కువగా ముంబయి బ్యాంకుల పనిదినాన్ని అనుసరిస్తుంది. ఫిబ్రవరి 19న ఛత్రపతి శివాజీ జయంతికి అక్కడ బ్యాంకులకు సెలవు, మన దగ్గర కాదు. మీ శాఖ తెరిచే ఉంటుంది, ఫండ్ నుంచి డబ్బు మాత్రం రాదు. ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతికి దీనికి తిరగబడిన పరిస్థితి: ఫండ్ పనిచేస్తుంది, డబ్బు ఖాతాలో పడుతుంది, కానీ బ్యాంకు శాఖ మూసి ఉంటుంది కనుక డిమాండ్ డ్రాఫ్టు తీసుకోలేరు. బిల్డరు డ్రాఫ్టు అడుగుతాడా, ఆన్‌లైన్ బదిలీ చాలంటాడా అని ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

"వెంటనే తీసుకునే సదుపాయం ఉంది కదా" అని మీ మిత్రులు అనవచ్చు. కొన్ని ఫండ్లలో అది నిజంగానే ఉంది, సెలవు రోజున కూడా నిమిషాల్లో డబ్బు వస్తుంది. కానీ దానికి ఒక రోజుకు, ఒక పథకానికి 50,000 రూపాయలు లేదా మీ యూనిట్ల విలువలో 90 శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అదే పరిమితి. ఆసుపత్రి అవసరానికి అది ఉపయోగపడుతుంది, 9 లక్షల వాయిదాకు ఉపయోగపడదు.

ఇక నష్టభయం. లిక్విడ్ ఫండ్‌లో అసలుకు హామీ లేదు, ఈ మాటను పథకం పత్రంలో రాసే మామూలు హెచ్చరికగా తీసుకోకండి. 2017 ఫిబ్రవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ పత్రాల రేటింగు పడిపోయినప్పుడు, వాటిని కొన్న ఒక లిక్విడ్ ఫండ్ విలువ ఒక్క రోజులో సుమారు 7 శాతం తగ్గింది. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చెల్లింపులు ఆపినప్పుడు కూడా దాని కమర్షియల్ పేపర్లు పట్టుకున్న కొన్ని లిక్విడ్ ఫండ్లు దెబ్బతిన్నాయి. మీ 9 లక్షల మీద 7 శాతం అంటే 63,000 రూపాయలు. పొదుపు ఖాతా కంటే అదనంగా వచ్చే 6,100 పక్కన ఆ అంకెను పెట్టి చూడండి. ఒక్క చెడ్డ రోజు పది వాయిదాల లాభాన్ని తుడిచేస్తుంది. ఆ అనుభవాల తర్వాత సెబీ నియమాలు కట్టుదిట్టం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి లిక్విడ్ ఫండ్ కనీసం 20 శాతం డబ్బును నగదు, ట్రెజరీ బిల్లులు, ప్రభుత్వ బాండ్ల వంటి వెంటనే అమ్ముడయ్యే వాటిలో ఉంచాలి, పత్రాలన్నిటినీ ఏ రోజుకారోజు మార్కెట్ ధరతో లెక్కగట్టాలి.

ఈ రెండో నియమం వల్ల ఎన్ఏవీ ఇప్పుడు నిజాయతీగా ఉంటుంది, అందుకే ఎప్పుడైనా ఒక రోజు కొద్దిగా తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ముంగిట, ఆర్థిక సంవత్సరం చివర, సంస్థలు పెద్ద ఎత్తున డబ్బు వెనక్కి తీసుకున్నప్పుడు, ఎవరూ ఎగవేయకపోయినా, లిక్విడ్ ఫండ్ల విలువ కొన్ని రోజులు తగ్గింది. ఒక ఉదాహరణతో దీని పరిమాణం చెబుతాను. ఫండ్‌లోని పత్రాల సగటు గడువు 45 రోజులనుకుంటే, మార్కెట్ వడ్డీ రేట్లు హఠాత్తుగా 1 శాతం పెరిగితే దాని విలువ సుమారు 0.12 శాతం తగ్గుతుంది. మీ 9 లక్షలకు అది 1,100 రూపాయలు, అంటే దాదాపు వారం రోజుల రాబడి. పత్రాల గడువు తీరేకొద్దీ అది తిరిగి వస్తుంది, కానీ ఆ వారంలోనే మీరు అమ్మాల్సి వస్తే రాదు.

అందువల్ల ఫండ్ ఎంచుకునేటప్పుడు ఎక్కువ రాబడి చూపిన దాని వెంట పోవద్దు. ఈ తరగతిలో ఒక ఫండ్ తన సాటివాటికంటే అర శాతం ఎక్కువ ఇస్తోందంటే, మేనేజరు ప్రతిభ కంటే తక్కువ నాణ్యత గల పత్రాలే దానికి కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఫండ్ సంస్థ వెబ్‌సైటులో పోర్ట్‌ఫోలియో తెరిచి, ట్రెజరీ బిల్లులు, పెద్ద బ్యాంకుల సర్టిఫికెట్లు ఎంత ఉన్నాయో, మీరెప్పుడూ పేరు వినని కంపెనీల కమర్షియల్ పేపర్లు ఎంత ఉన్నాయో చూడండి. పథకం పేజీలో తొమ్మిది గళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో A-I గడిలో ఉన్న పథకం వడ్డీ రేట్ల ప్రమాదంలోనూ ఎగవేత ప్రమాదంలోనూ అతి తక్కువ స్థాయి దాటకూడదు, B-I గడిలోది ఎగవేత విషయంలో మధ్యస్థ స్థాయి వరకు వెళ్లవచ్చు. ఓవర్‌నైట్ ఫండ్లు A-I లోనే కనిపిస్తాయి, లిక్విడ్ ఫండ్లలో చాలావరకు B-I లో ఉంటాయి. డైరెక్ట్ ప్లాన్, గ్రోత్ ఆప్షన్ ఎంచుకోండి. రెగ్యులర్ ప్లాన్‌లో పంపిణీదారు కమిషను మీ రాబడి నుంచే పోతుంది, మూడు నెలల డబ్బుకు ఆ ఖర్చు అనవసరం.

పొదుపు ఖాతాకు ఇలాంటి చిక్కులేవీ లేవన్నది నిజం. అయితే అక్కడ కూడా బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. 20 లక్షలు పెద్ద ప్రభుత్వ బ్యాంకులో ఉంటే నేను కంగారుపడను. ఎక్కువ వడ్డీ ఇస్తుందని చిన్న బ్యాంకుకో సహకార బ్యాంకుకో మార్చాలనుకుంటే మాత్రం ఆ 5 లక్షల గీత గుర్తుంచుకోండి. ఫండ్లు మేలన్న మాట కూడా అన్ని కాలాలకూ ఒకేలా వర్తించదు. 2020-21లో వ్యవస్థలో డబ్బు పొంగిపొర్లినప్పుడు ఓవర్‌నైట్ ఫండ్లు 3 శాతం దగ్గరే ఇచ్చాయి, అప్పట్లో స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీ 2.70 శాతం. అలాంటి రోజుల్లో మీరు అడిగి ఉంటే ఖాతాలోనే ఉంచమని చెప్పేవాడిని. రిజర్వు బ్యాంకు రెపో రేటును 2025 డిసెంబరులో 5.25 శాతానికి తగ్గించింది. అది ఇంకా తగ్గితే ఫండ్ల రాబడి వెంటనే, పొదుపు ఖాతా వడ్డీ మెల్లగా తగ్గుతాయి.

మీరు చేయాల్సిన పనిని వరుసగా చెబుతాను. ముందు ఎంచుకున్న లిక్విడ్ ఫండ్‌లో 5,000 రూపాయలు మాత్రమే వేయండి. వారం గడిచాక దాన్ని అమ్మి, డబ్బు సరైన ఖాతాకు వచ్చిందో లేదో చూసుకోండి. అమ్మిన డబ్బు ఫండ్‌లో నమోదైన బ్యాంకు ఖాతాకే వస్తుంది. పాత ఖాతా నమోదై ఉంటేనో, కేవైసీలో పేరు ఒక అక్షరం తేడాగా ఉంటేనో ఆ సంగతి వాయిదా రోజున బయటపడకూడదు. ఈ పరీక్ష పూర్తయ్యాక 9 లక్షలు వేయండి, అదే రోజు నామినీ పేరు నమోదు చేయండి. పొదుపు ఖాతా మీతోపాటు ఇంకొకరి పేరిట కూడా ఉంటే ఒకరికి ఏదైనా అయినా రెండోవారు తీసుకోగలరు. ఫోలియో, అంటే ఫండ్‌లో మీ ఖాతా, మీ ఒక్కరి పేరిటే ఉంటే నామినీ కూడా కాగితాలు సమర్పించి యూనిట్లు తన పేరుకు మార్పించుకున్నాకే డబ్బు తీయగలరు. వాయిదా తేదీకి ఏడు రోజుల ముందు, వారం మధ్యలో ఒక ఉదయం, మొత్తం అమ్మి ఖాతాకు తెచ్చుకోండి. ఆ ఏడు రోజుల్లో మీరు వదులుకునేది పన్నుకు ముందు 600 రూపాయలు మాత్రమే. ఆర్థిక సంవత్సరం చివర మార్చి రెండో సగంలో వాయిదా కట్టాల్సి వస్తే ఇంకో మూడు రోజులు ముందే అమ్మండి.

రిజిస్ట్రేషన్ 6 లక్షల విషయంలో బిల్డరు ఎన్ని రోజుల ముందు కబురు చేస్తాడన్నదే అసలు ప్రశ్న. ఒప్పంద పత్రంలో 15 రోజుల నోటీసు అని రాసి ఉంటే ఆ డబ్బును కూడా అదే లిక్విడ్ ఫండ్‌లో ఉంచవచ్చు. నోటీసు గురించి ఏమీ రాయకపోతే, "రేపు రండి" అనే అవకాశం ఉంటే, 2 లక్షలు ఖాతాలో ఉంచి మిగిలిన 4 లక్షలను ఓవర్‌నైట్ ఫండ్‌లో పెట్టండి. తేదీ తెలియని డబ్బుకు ఎన్ఏవీ తగ్గిన వారంలోనే అమ్మాల్సిన పరిస్థితి రాకుండా ఓవర్‌నైట్ ఫండ్ కాపాడుతుంది, దానికి మీరు వదులుకునేది 4 లక్షలపై నెలకు 250 రూపాయలు.